బిల్లులు అప్పగించాలా, బ్యాంకు పరిమితి పెంచుకోవాలా: బాకీల వయసు పట్టికతో నేను వేసుకున్న లెక్క

గాజువాక ఆటోనగర్‌లో మాది చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్. పైపు సపోర్టులు, ఫ్లాంజిలు, చిన్న ట్యాంకులు చేసి ఇస్తాం. జీఎస్టీతో కలిపి నెలకు సుమారు 24 లక్షల రూపాయల బిల్లులు వేస్తాం. అన్నీ అరువు బిల్లులే. ప్లేట్లు, యాంగిళ్లు ఇచ్చే వ్యాపారి మాత్రం నెల దాటితే లారీ పంపడు. సరుకు, బాకీల మీద బ్యాంకు ఇచ్చిన 25 లక్షల క్యాష్ క్రెడిట్ పరిమితి ఎప్పుడూ అంచు దాకా వాడకంలోనే ఉంటుంది. కొత్త ఆర్డర్లు అందుకోవాలంటే ఇంకో 13, 14 లక్షలు చేతిలో తిరగాలి.

రెండు దారులు కనిపించాయి. పరిమితి పెంచమని బ్యాంకును అడగడం ఒకటి. బిల్లులను ఫ్యాక్టరింగ్ సంస్థకు అప్పగించి ముందే డబ్బు తీసుకోవడం రెండోది. బ్యాంకు మేనేజరు గారు వడ్డీ 11 శాతం అన్నారు. ఫ్యాక్టరింగ్ సంస్థ నుంచి వచ్చిన ప్రతినిధి, "రుసుము వందకు ఒక్క రూపాయేనండీ, వాడుకున్న డబ్బుకు 13 శాతం వడ్డీ" అన్నారు. విన్నవారికి రెండింటికీ పెద్ద తేడా లేదనిపిస్తుంది. కానీ ఆ వందకు ఒక రూపాయి ఏడాది లెక్క కాదు, బిల్లు లెక్క. మన కొనుగోలుదారు ఎన్ని రోజులకు డబ్బిస్తాడో తెలియకుండా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చలేం. అందుకే ముందు ఏ బిల్లు డబ్బు ఎన్ని రోజులుగా రాలేదో చూపే బాకీల వయసు పట్టిక వేశాం.

వయసు పట్టిక కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కితే వస్తుంది. అయితే నమ్మదగిన పట్టిక కావాలంటే మూడు విషయాలు సరిచూడాలి. మొదటిది, రోజులు ఎక్కడి నుంచి లెక్కపెడుతున్నాం అన్నది. సాఫ్ట్‌వేర్ గడువు తేదీ నుంచీ లెక్కిస్తుంది, బిల్లు తేదీ నుంచీ లెక్కిస్తుంది. మా బ్యాంకు, ఆ ఫ్యాక్టరింగ్ సంస్థ కూడా బిల్లు తేదీనే చూస్తాయి కాబట్టి మేమూ దాన్నే పట్టుకున్నాం. రెండోది, కొనుగోలుదారు ఏ బిల్లుకో చెప్పకుండా గంపగుత్తగా పంపిన డబ్బు. దాన్ని బిల్లులకు సర్దకపోతే, తీరిపోయిన పాత బిల్లు కూడా బాకీలాగే పట్టికలో నిలబడి ఉంటుంది. మా అకౌంటెంటు అమ్మాయి కొనుగోలుదారుల దగ్గరి నుంచి వారి లెడ్జర్లు తెప్పించి ఒక్కొక్క బిల్లూ సర్దింది. మూడోది, నిలుపుదల సొమ్ము. పని నాణ్యత హామీ కింద కొందరు బిల్లులో కొంత భాగం ఆపి ఉంచుతారు. అది మొండి బాకీ కాకపోయినా వయసు పట్టికలో పాతబడిన గడిలోకే చేరుతుంది.

అలా తేలిన పట్టిక ఇది. అంకెలు లక్షల రూపాయల్లో ఉన్నాయి.

| కొనుగోలుదారు | 0–30 రోజులు | 31–60 | 61–90 | 90 పైన | మొత్తం |
|---|---|---|---|---|---|
| పరవాడ మందుల కంపెనీ | 10 | 9 | 3 | 0 | 22 |
| ప్రభుత్వ రంగ సంస్థ | 6 | 5 | 4 | 1 | 16 |
| అచ్యుతాపురం కాంట్రాక్టరు | 2 | 2 | 3 | 5 | 12 |
| గాజువాక చిన్న షాపులు | 4 | 2 | 0 | 0 | 6 |
| పాత కొనుగోలుదారు | 0 | 0 | 1 | 3 | 4 |
| మొత్తం | 22 | 18 | 11 | 9 | 60 |

నెలకు 24 లక్షల అమ్మకాలు, రావలసినవి 60 లక్షలు. అంటే సగటున రెండున్నర నెలలు, 75 రోజులు. కానీ ఈ సగటు ఏ ఒక్కరినీ చూపించదు. మందుల కంపెనీ రెండు నెలలకు అటూ ఇటూగా క్రమం తప్పకుండా ఇస్తుంది. కాంట్రాక్టరు బాకీ మాత్రం రోజులు గడిచేకొద్దీ గడి గడికీ పెరుగుతోంది. కొత్త బిల్లులు తగ్గుతూ పాతవి పోగుపడుతున్నాయంటే అతనికి మన సరుకు అవసరం తగ్గుతోందని, మన మీద ఉన్న మొహమాటమూ తగ్గుతోందని అర్థం. ప్రభుత్వ రంగ సంస్థ దగ్గర 90 రోజులు దాటిన ఆ ఒక్క లక్ష నిలుపుదల సొమ్ము.

ఈ పట్టికతో ముందు బ్యాంకుకు వెళ్లాను. అక్కడ పరిమితి ఒకటి, డ్రాయింగ్ పవర్ మరొకటి. పరిమితి అంటే మంజూరైన మొత్తం. డ్రాయింగ్ పవర్ అంటే సరుకు, బాకీల లెక్కతో నెలనెలా మనం బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ ప్రకారం నిజంగా తీసుకోగలిగేది. ఏది తక్కువైతే అదే మన హద్దు. మా బ్యాంకు 90 రోజులు దాటిన బాకీలను అసలు లెక్కలోకి తీసుకోదు. కాబట్టి 60 లక్షల్లో 9 పోయి 51 మిగిలాయి. వాటి మీద బ్యాంకు అప్పు ఇవ్వకుండా వదిలేసే 25 శాతం మార్జిన్ తీసేస్తే 38.25 లక్షలు. మా సరుకు నిల్వ 12 లక్షలు, సరుకు ఇచ్చిన వారికి మేము ఇవ్వాల్సింది కూడా 12 లక్షలే కావడంతో ఆ రెండూ చెల్లుకు చెల్లు. అంటే మా డ్రాయింగ్ పవర్ 38.25 లక్షలు. ఇప్పుడున్న పరిమితి 25 కాబట్టి ఇంకా 13.25 లక్షల ఖాళీ ఉంది. పరిమితి ఎంత పెంచినా అంతకు మించి డబ్బు రాదు.

ఆ 13.25 లక్షలు ఏడాదంతా వాడుకుంటే 11 శాతం చొప్పున వడ్డీ 1,45,750 రూపాయలు. ఖర్చు అక్కడితో ఆగదు. ప్రాసెసింగ్ రుసుము అర శాతం, అంటే 6,625. అదనపు తాకట్టు లేకుండా గ్యారంటీ పథకం కింద తీసుకుంటున్నాం కాబట్టి ఆ రుసుముకు ఒక శాతం వేసుకున్నాను, 13,250. పత్రాలు, తనిఖీలకు 8,000. మొత్తం 1,73,625. శాతంలో చూస్తే 13.1. గోడ మీద రాసి ఉన్న 11కూ, మన జేబులోంచి పోయే 13కూ మధ్య ఉన్న ఈ తేడాను పట్టించుకోకుండా చాలామంది బ్యాంకును మరీ చౌక అనుకుంటారు. ఇంకో సంగతి, ఈ చిల్లర ఖర్చులన్నీ కలిపి 27,875 రూపాయలు, డబ్బు వాడుకున్నా వాడుకోకపోయినా పోయేవే. ఇది తర్వాత పనికొచ్చింది.

ఫ్యాక్టరింగ్ సంస్థ వారు పట్టిక చూసే తీరు వేరు. వారికి మా యూనిట్ కంటే మా కొనుగోలుదారు ముఖ్యం. కాంట్రాక్టరునూ పాత కొనుగోలుదారునూ చూడగానే పక్కన పెట్టేశారు. చిన్న షాపుల బిల్లులు మరీ చిన్నవని వద్దన్నారు. చివరికి తీసుకుంటామన్నది మందుల కంపెనీ బిల్లులే. ఆ కంపెనీ ఏడాది లెడ్జరు అడిగారు. అందులో వారు చూసింది చెల్లింపుల తేదీలతో పాటు డెబిట్ నోట్లు. కొలత తేడా అనో, తుప్పు ఉందనో కొనుగోలుదారు బిల్లులో కోత పెడితే అది ఫ్యాక్టరింగ్ సంస్థ నెత్తిన పడుతుంది కదా. బిల్లు విలువలో 80 శాతమే ముందుగా ఇచ్చి, మిగతా 20 శాతం డబ్బు వసూలయ్యాక ఇవ్వడానికి ముఖ్య కారణం అదే.

షరతులు రాతపూర్వకంగా తీసుకున్నాను. రుసుము బిల్లు మొత్తం మీద ఒక శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, అది మాకు ఇన్‌పుట్ కింద తిరిగి వస్తుంది కాబట్టి ఖర్చులో కలపలేదు. వడ్డీ 13 శాతం, ముందుగా తీసుకున్న 80 శాతం మీద. బిల్లు తేదీ నుంచి 120 రోజుల్లో కంపెనీ చెల్లించకపోతే ఆ డబ్బు మేమే తిరిగి ఇవ్వాలి. దీన్నే రికోర్సు ఫ్యాక్టరింగ్ అంటారు. అంటే బాకీ మునిగిపోయే ప్రమాదం మా దగ్గరే ఉంటుంది. ఆ ప్రమాదం కూడా వారే తీసుకునే పద్ధతి వేరే ఉంది, కానీ దానికి రుసుము ఎక్కువ.

ఇప్పుడు అసలు లెక్క. వంద రూపాయల బిల్లుకు రుసుము ఒక రూపాయి. కానీ చేతికి వచ్చింది 80. ఎనభైకి ఒక రూపాయి అంటే 1.25 శాతం. ఆ బిల్లు 60 రోజుల్లో తీరితే, అంతే డబ్బు ఏడాది పొడవునా చేతిలో ఉండాలంటే అలాంటి బిల్లులు ఆరుసార్లు అప్పగించాలి. ఆరు రుసుములు కలిపి 7.5 శాతం. దానికి 13 శాతం వడ్డీ కలిపితే 20.5 శాతం.

అదే బిల్లు 30 రోజుల్లో తీరేదైతే పన్నెండు రుసుములు, 15 శాతం. మొత్తం 28 శాతం. 90 రోజులు పట్టేదైతే నాలుగు రుసుములు, 5 శాతం, మొత్తం 18. అంటే బిల్లుకు ఇంత అని రుసుము ఉన్నప్పుడు తొందరగా డబ్బిచ్చే కొనుగోలుదారు బిల్లే అన్నిటికంటే ఖరీదు. ఫ్యాక్టరింగ్ సంస్థ ఇష్టపడేదీ ఆ బిల్లునే. మా షాపుల బాకీ లాంటివి నెలా రెండు నెలల్లో వాటంతట అవే వస్తాయి, వాటిని ఎవరు అడిగినా అప్పగించకూడదని పట్టిక చూస్తేనే తెలుస్తుంది.

రెండు దారుల్లో చేతికి వచ్చే డబ్బు దాదాపు సమానం. ఖాళీగా ఉన్న 13.25 లక్షల డ్రాయింగ్ పవర్‌కు సరిపడే బిల్లులు సుమారు 17 లక్షలవి. వాటిని అప్పగిస్తే 13.6 లక్షలు వస్తాయి. ఏడాది ఖర్చు 2,78,800. బ్యాంకుతో పోలిస్తే లక్ష పైచిలుకు ఎక్కువ. వసూళ్ల బాధ్యత వారే చూస్తారన్న మాట నిజమే, కానీ మందుల కంపెనీ దగ్గర మాకు వసూళ్ల బాధే లేదు. బాధ ఉన్న కాంట్రాక్టరును వారు ముట్టుకోరు.

అయినా ఫ్యాక్టరింగ్‌ను పూర్తిగా కొట్టెయ్యలేదు. బ్యాంకు ఖర్చులో 27,875 ఎలాగూ పోయేదే అన్నాను కదా. ఫ్యాక్టరింగ్‌లో అలాంటిది లేదు, వాడితేనే ఖర్చు. వాడిన రోజులకు మాత్రం బ్యాంకు వడ్డీ కంటే ఏడాదికి 9.5 శాతం ఎక్కువ. 13.25 లక్షల మీద అది ఏడాదికి 1,25,875. ఆ 27,875ను ఈ 1,25,875తో భాగించి 365తో హెచ్చిస్తే సుమారు 80 రోజులు వస్తాయి. అంటే ఏడాదిలో 80 రోజుల కంటే తక్కువ కాలమే అదనపు డబ్బు కావాలనుకునే యూనిట్‌కు ఫ్యాక్టరింగే చౌక. అంతకు మించితే బ్యాంకు. మా అవసరం ఏడాదంతా ఉండేది కాబట్టి మా సమాధానం తేలిపోయింది.

అప్పుడు మా బావగారు ఒక మాట అన్నారు. ఆయనది కూడా ఆటోనగర్‌లోనే యూనిట్. "రెండూ చెయ్యి, బ్యాంకులో పరిమితి నిండా పెంచుకో, మందుల కంపెనీ బిల్లులు కూడా అప్పగించు, డబ్బు రెండింతలవుతుంది" అన్నారు. చాలామంది అనుకునేదీ ఇదే. ఇందులో ఉన్న చిక్కు గురించి కొంచెం నెమ్మదిగా చెప్పాలి.

మా బాకీలన్నీ ఇప్పటికే బ్యాంకుకు హైపోథికేషన్‌లో, అంటే అప్పుకు హామీగా ఉన్నాయి. ఒకే బిల్లు మీద ఇద్దరి దగ్గర డబ్బు తీసుకోవడం మోసం. ఫ్యాక్టరింగ్ సంస్థ బ్యాంకు నుంచి అభ్యంతరం లేదన్న లేఖ అడుగుతుంది, తమకు బదిలీ అయిన బాకీని సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో నమోదు చేయిస్తుంది. కొనుగోలుదారుకు నోటీసు వెళుతుంది, ఆ బిల్లు డబ్బు ఇకపై సంస్థ ఖాతాకే చెల్లించాలని. 2011 నాటి ఫ్యాక్టరింగ్ నియంత్రణ చట్టం కింద నోటీసు అందాక కొనుగోలుదారు ఆ డబ్బు సంస్థకే కట్టాలి. కాబట్టి అప్పగించిన ప్రతి బిల్లునూ స్టాక్ స్టేట్‌మెంట్ నుంచి తీసెయ్యాలి. తీసేసిన మేరకు డ్రాయింగ్ పవర్ పడిపోతుంది.

పరిమితిని 38 లక్షల దాకా పెంచుకుని అంతా వాడేశామనుకుందాం. ఇప్పుడు వంద రూపాయల బిల్లు అప్పగిస్తే 80 వస్తుంది. అదే సమయంలో బ్యాంకు దగ్గర 75 తగ్గిపోతుంది, ఆ 75 వెంటనే కట్టాలి. చేతిలో కొత్తగా మిగిలేది ఐదు రూపాయలు. ఖర్చు చూడండి. 80 మీద 20.5 శాతం అంటే ఏడాదికి 16.40. బ్యాంకులో తగ్గిన 75 మీద ఆదా అయ్యే వడ్డీ 8.25. అంటే ఆ ఐదు రూపాయల కోసం ఏడాదికి 8.15 రూపాయలు అదనంగా పెడుతున్నాం. వందకు 163. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక బావగారు తన స్టాక్ స్టేట్‌మెంట్ తెప్పించుకుని మళ్లీ చూసుకున్నారు. ఫ్యాక్టరింగ్ ఖరీదా చౌకా అన్న ప్రశ్నకు బ్యాంకులో ఎంత ఖాళీ ఉందన్నదే ముందు చూడాలి. ఖాళీ ఉన్నంత వరకు అది 20.5 శాతం అప్పు. ఖాళీ అయిపోయాక అదే బిల్లు, అదే రుసుము, 163 శాతం అప్పు.

ఇక మిగిలింది ప్రభుత్వ రంగ సంస్థ. పట్టికలో 16 లక్షలున్నా ఫ్యాక్టరింగ్ ప్రతినిధి దాన్ని వదిలేశారు, వారి నోటీసు మీద ఆ సంస్థ సంతకం పెట్టదని. కానీ అలాంటి సంస్థల కోసం ట్రెడ్స్ వేదికలు ఉన్నాయి. రిజర్వు బ్యాంకు 2014లో మార్గదర్శకాలు ఇచ్చి తెచ్చిన ఏర్పాటు ఇది. అక్కడ కొనుగోలుదారు బిల్లును ఆన్‌లైన్‌లో అంగీకరిస్తే, బ్యాంకులు, ఫ్యాక్టరింగ్ సంస్థలు దాని మీద పోటీ పడి రేటు చెబుతాయి. ఆ రేటు మా పరపతిని బట్టి కాకుండా కొనుగోలుదారు పరపతిని బట్టి ఉంటుంది. కొనుగోలుదారు చెల్లించకపోయినా మమ్మల్ని అడగరు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఇందులో నమోదు కావడం తప్పనిసరి. మా దగ్గర చిన్న సంస్థగా ఉద్యమ్ నమోదు ఉంది, బ్యాంకు నుంచి అభ్యంతరం లేదన్న లేఖ కూడా తీసుకున్నాను.

ఇక్కడ చిక్కు రేటులో లేదు, అంగీకారంలో ఉంది. సరుకు గేటు లోపలికి వెళ్లాక తనిఖీ అయి, స్టోర్సు వారు రసీదు ఇచ్చి, ఆ తర్వాత బిల్లును వేదిక మీద అంగీకరించడానికి మూడు వారాలకు పైగా పడుతోంది. కాబట్టి పట్టికలో 0–30 గడిలోని 6 లక్షలు ట్రెడ్స్‌లో పనికిరావు. గడువు దాటిపోయిన పాత బిల్లులూ ఎక్కించలేం. కొత్త బిల్లుల్లో అంగీకారం అయినవే వెళతాయి. మేము మొదట ఎక్కించిన 5 లక్షల బిల్లుకు గడువు ఇంకా 40 రోజులు ఉంది, 9 శాతం రేటు వచ్చింది. వడ్డీ కింద 4,932 రూపాయలు తగ్గించుకుని మిగతాది మర్నాడు ఖాతాలో వేశారు. వేదిక రుసుము, పన్ను కలిపి ఆరు వందల లోపే. ఇక్కడ 20 శాతం ఆపి ఉంచడం లేదు. వడ్డీ, రుసుము రెండూ కలిపి ఏడాది లెక్కన పది శాతం దగ్గర తేలింది. మా బ్యాంకు 13.1 కంటే తక్కువ.

దీంతో చివరికి ఇలా చేశాను. బ్యాంకు పరిమితిని 38కి కాకుండా 30 లక్షలకే పెంచమని అడిగాను. మేనేజరు గారు ఆశ్చర్యపోయి, "అర్హత ఉంది కదండీ, పూర్తిగా తీసుకోండి" అన్నారు. 30 లక్షల డ్రాయింగ్ పవర్ నిలబడాలంటే 40 లక్షల బాకీలు స్టాక్ స్టేట్‌మెంట్‌లో ఉంటే చాలు. మాకు 51 ఉన్నాయి. మిగిలిన 11 లక్షలను బ్యాంకు డబ్బు కదలకుండా బయటికి తీయవచ్చు. ప్రభుత్వ రంగ సంస్థ బిల్లుల్లో నెల దాటినవి ఎప్పుడూ 9 లక్షల చుట్టూ ఉంటాయి, అంగీకారమైన కొత్త బిల్లులు ట్రెడ్స్‌కు వెళుతూ ఉంటే రెండు నెలల్లో ఆ మేరకు డబ్బు చేతికొచ్చింది. పరిమితి పెంపు 5, ట్రెడ్స్ 9, మొత్తం 14 లక్షలు. ఖర్చు సుమారు లక్షా అరవై వేలు. పరిమితి నిండా పెంచుకుని ఉంటే 13.25 లక్షలకు 1.74 లక్షలు అయ్యేది, మందుల కంపెనీ బిల్లులు అప్పగించి ఉంటే 2.79 లక్షలు.

ప్రభుత్వ రంగ సంస్థలో తనిఖీ ఆలస్యమైన నెలల్లో ఈ అమరిక కొంత బిగుసుకుంటుంది. ఆ సంస్థ స్టోర్సులో రసీదు ఎప్పుడు రాస్తారో అడగడానికి మా మనిషి వారానికి ఒకసారి వెళుతున్నాడు. బిల్లు 15 రోజులు ముందు అంగీకారమైతే వచ్చే లాభం అతని జీతంలో కొంత తీర్చేస్తుంది.

పట్టికలో 90 రోజులు దాటిన గడి మాత్రం అలాగే మిగిలింది. దాన్ని బ్యాంకు లెక్కించదు, ఫ్యాక్టరింగ్ సంస్థ తీసుకోదు, ట్రెడ్స్‌లో ఎక్కదు. కాంట్రాక్టరుకు సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం, 2006 కింద నోటీసు పంపాను. గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలని ఆ చట్టం చెబుతుంది. వడ్డీ లెక్క ఒక కాగితం మీద బిల్లు వారీగా వేసి జతచేశాను. అతను ఫోను చేసి ముందు కోప్పడ్డాడు, తర్వాత రెండు విడతల్లో 3 లక్షలు పంపాడు. మిగిలిన 2 లక్షల కోసం ఆ చట్టం కింద ఇలాంటి బాకీల తగాదాలు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో దరఖాస్తు వేయడానికి సరుకు అందినట్టు సంతకం ఉన్న చలాన్లు వెతికి ఒక ఫైలులో పెట్టించాను.